దుబాయి కంపెనీ అయిదు నెలల జీతం ఎగ్గొట్టింది, బావ ఇంటికొచ్చిండు: దేవరకొండ నుంచి కేసు ఎట్ల నడుస్తది?

దేవరకొండ బావమరిది

మా బావ దుబాయిల సెంట్రింగ్ పని చేసిండు. 2021 మార్చి 1న చేరిండు, 2025 ఆగస్టు 31న వీసా క్యాన్సిల్ చేసి పంపిండ్రు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అయిదు నెలల జీతం రాలేదు. కంట్రాక్టుల మొత్తం జీతం నెలకు 1200 దిర్హమ్‌లు, అండ్ల బేసిక్ 800. గ్రాట్యుటీ ఊసే లేదు. 60 రోజుల లీవు కూడ వాడుకోకుంట మిగిలింది. "నువ్వు ఇంటికి పో, రెండు నెలల్ల పైసలు పంపుతం" అన్నరట. ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరు. పోయే రోజు అరబ్బీల ఉన్న ఒక కాగితం మీద సంతకం కూడ పెట్టించుకున్నరు.

దేవరకొండ కోర్టుల కేసు వేస్తే అవుతదా? వకీలు నోటీసు పంపుదమా అని ఆలోచిస్తున్నం.

గల్ఫ్ రిటర్న్

తమ్మీ, దుబాయి లేబర్ కేసుకు ఏడాదే గడువు. ఏ నెల జీతం రాలేదో ఆ నెల నుంచే లెక్క. ఏప్రిల్ జీతం ఇప్పటికే అంచుల ఉన్నదో దాటిందో చూసుకో. నోటీసు పంపుకుంట కూర్చుంటే అన్నీ పోతయ్. ఎంబసీకి ఒక మెయిలు కొట్టు, వాళ్లే వసూలు చేసి పంపుతరు.

రెండు తీరాలు

పై మాటలో గడువు పాతది. జీతం రావాల్సిన రోజు నుంచి ఏడాది అనే లెక్క 2021 నాటి లేబర్ చట్టం మొదటి రూపంలో ఉండేది. 2024 ఆగస్టు 31 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్లు. మీ బావకు 2027 ఆగస్టు చివరి దాకా సమయం ఉంది. అట్లని ఆగమని కాదు. కంపెనీ లైసెన్సు రద్దయితే, అకౌంట్లో పైసలు ఖాళీ అయితే, గడువు మిగిలి ఉండి కూడా లాభం లేదు.

ఎంబసీ, కాన్సులేట్ కంపెనీకి ఫోన్ చేస్తాయి, కాగితం రాస్తాయి, వకీలు ఖర్చుకు సాయం అడిగితే చూస్తాయి. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, దాని నంబరు ఉండడం మంచిదే. కానీ కంపెనీ మీద ఆర్డరు వేసే అధికారం కాన్సులేట్‌కు లేదు. ఆ అధికారం అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖకు, అంటే మనోళ్లు మోహ్రే అనే దానికి, ఆ తర్వాత కోర్టుకు ఉంటుంది.

ముందు అడగాల్సింది మొత్తం ఎంత అని. చాలామంది "అయిదు నెలల జీతం" అని ఒక్కటే రాసి మిగతాది వదిలేస్తారు. మీ బావ లెక్క ఇట్ల వస్తుంది.

జీతం: 1200 చొప్పున అయిదు నెలలు, 6,000 దిర్హమ్‌లు.

గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు, మొత్తం జీతం మీద కాదు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. 800ను 30తో భాగిస్తే రోజుకు 26.67, దాన్ని 21తో గుణిస్తే ఏడాదికి 560. నాలుగున్నర ఏళ్లకు 2,520. జీతం లేని సెలవులు ఏవైనా ఉంటే ఆ రోజులు సర్వీసులోంచి తీసేస్తారు.

మిగిలిన లీవు కూడా బేసిక్ మీదే: 60 రోజులకు 1,600.

అంతా కలిపి 10,120. రూపాయల్లో రెండు లక్షల పైచిలుకు. ఇవన్నీ ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు ఇవ్వాలని అక్కడి చట్టం.

నారాయణపేట 77

నాది గిదే బాధ అన్నా, గని సౌదీ. కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, నేను పారిపోయిన అని హురూబ్ పెట్టిండు, ఆరు నెలల జీతం రావాల్సి ఉన్నది. నాకు కూడ రెండేండ్లు గడువు ఉన్నట్టేనా?

రెండు తీరాలు

లేదు. అది వేరే దేశం, వేరే చట్టం. సౌదీలో ఉద్యోగం ముగిసినప్పటి నుంచి పన్నెండు నెలలే. ముందు రాజీ దశ, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. ఇంకో తేడా కూడా మీకు పనికొస్తుంది: ఒక దేశం వేసిన ఒక్క ముద్రను మిగతా దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో సౌదీ 2022 డిసెంబరు నుంచి ఉంది. కాబట్టి అక్కడ మీ తరఫున పని చూసే మనిషికి ఇక్కడ రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టిల్ ముద్ర చాలు, సౌదీ ఎంబసీ చుట్టూ తిరగనక్కర్లేదు. యూఏఈ, కువైట్, ఖతర్ ఆ ఒప్పందంలో లేవు. హురూబ్ సంగతి వేరే పోస్టులో అడగండి, రెండూ కలిపితే ఇక్కడ చదివేవాళ్లకు గజిబిజి అవుతుంది.

దేవరకొండ బావమరిది

10,120 అంటే మేం అనుకున్నదానికంటె ఎక్కువే. మరి ఆ అరబ్బీ కాగితం సంగతేంది? "నాకు రావాల్సినవన్నీ ముట్టినయ్" అని రాసి ఉంటదని పక్క రూము ఆయన చెప్పిండట.

రెండు తీరాలు

అయి ఉండొచ్చు. వీసా క్యాన్సిలేషన్ కాగితంలో ఆ వాక్యం మామూలుగా ఉంటుంది. కంపెనీ మొదట చూపించేది అదే. అంతమాత్రాన కేసు పోదు. జీతాలు అక్కడ బ్యాంకు ద్వారా, వేతన రక్షణ పద్ధతిలో పడాలి. ముట్టింది అని కాగితం చెబుతుంటే, ముట్టినట్టు బ్యాంకులో ఎంట్రీ లేకపోతే, కంపెనీ "నగదు ఇచ్చాం" అనాల్సి వస్తుంది. అప్పుడు క్యాష్ వోచర్ చూపించమంటారు. అందుకే మీ బావ జీతం కార్డు స్టేట్‌మెంటు, 2025 జనవరి నుంచి సెప్టెంబరు దాకా, మొట్టమొదట తెప్పించండి. జనవరి నుంచి ఎందుకంటే, ముందు మూడు నెలలు 1200 పడినట్టు కనబడితేనే ఏప్రిల్ నుంచి ఖాళీ అని తెలుస్తుంది.

ఇంకోటి: దుబాయి సిమ్ ఇంకా పని చేస్తోందా? మోహ్రే యాప్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు ఓటీపీ వస్తుంది. ఇంటికొచ్చినోళ్లు రీచార్జి మానేసి నంబరు పోగొట్టుకోవడం ఇక్కడే దెబ్బ కొడుతుంది. నంబరు పోతే అక్కడున్న మనిషి చేతనే ఫిర్యాదు పెట్టించాలి.

మునుగోడు వకీలు

దేవరకొండ కోర్టు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కనుక రాస్తున్నాను. సివిల్ దావా ఎక్కడ వేయాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 చూసుకోవాలి: ప్రతివాది ఉండే చోటు, వ్యాపారం చేసే చోటు, లేదా దావా కారణంలో కొంత భాగమైనా పుట్టిన చోటు. కార్మికుడు దేవరకొండలో ఉంటాడు అన్నది కారణం కాదు. కంట్రాక్టు మీద సంతకం ఎక్కడ అయింది? హైదరాబాదు ఏజెంటు ఆఫీసులో అయితే హైదరాబాదు కోర్టుకు కొంత ఆధారం దొరుకుతుంది. దుబాయిలో అయితే ఇక్కడ దావా నిలవడం కష్టం.

నిలిచినా ఇబ్బందులు ఉన్నాయి. సమన్లు దుబాయి కంపెనీకి అరబ్బీ అనువాదంతో, రెండు ప్రభుత్వాల ద్వారా వెళ్లాలి. వాయిదాల మీద వాయిదాలు ఇక్కడే పోతాయి. గ్రాట్యుటీ, లీవు డబ్బు దుబాయి చట్టం ఇచ్చే హక్కులు కాబట్టి, ఆ చట్టం ఏమంటుందో ఇక్కడి జడ్జి ముందు సాక్ష్యంగా రుజువు చేయాలి. కోర్టు ఫీజు దావా మొత్తాన్ని బట్టి కట్టాలి. అక్కడ అయితే లక్ష దిర్హమ్‌ల లోపు లేబర్ క్లెయిమ్‌కు కోర్టు ఫీజే లేదు. రెండు లక్షల రూపాయల కోసం ఇక్కడ మొదలుపెట్టమని నేను చెప్పను.

ఒక్క సందర్భంలో ఇక్కడి దావా పనికొస్తుంది. అక్కడి రెండేళ్లు దాటిపోయి, మన లిమిటేషన్ చట్టం ప్రకారం జీతానికి ఉన్న మూడేళ్లు ఇంకా మిగిలి ఉంటే. విదేశీ కంట్రాక్టు మీద ఇక్కడ దావా వేస్తే మన గడువే వర్తిస్తుంది. ఆ మూడేళ్లు ఒక్కో నెల జీతానికి విడివిడిగా నడుస్తాయి.

గల్ఫ్ రిటర్న్

సరే రెండేండ్లు మారిందని తెల్వదు. గని మోహ్రేల ఆర్డరు రావాలంటే మనిషి అక్కడ ఉండాలె గదా? ఇంటికొచ్చినోనికి ఏమొస్తది?

రెండు తీరాలు

మనిషి ఉండనక్కర్లేదు, మనిషి తరఫున మాట్లాడే కాగితం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, ఉండాలి. మోహ్రే 14 రోజుల్లో రాజీకి చూస్తుంది. క్లెయిమ్ 50,000 దిర్హమ్‌ల లోపు ఉంటే, రాజీ కుదరనప్పుడు మోహ్రేనే తీర్పులాంటి నిర్ణయం ఇస్తుంది, దానికి అమలు బలం ఉంటుంది. మీ బావది 10,120 కాబట్టి ఈ దారే. ఒప్పుకోని పక్షం 15 పనిదినాల్లో మొదటి స్థాయి కోర్టుకు పోవచ్చు, అక్కడి తీర్పే ఆఖరు. ఆ 15 పనిదినాలు కార్మికుడికి కూడా వర్తిస్తాయి. మోహ్రే 6,000 ఇచ్చి గ్రాట్యుటీ కొట్టేస్తే, ఆ ఆర్డరు వచ్చిన సంగతి తెలిసేసరికి గడువు దాటిపోవడం చూస్తుంటాం, మెసేజ్ పాత సిమ్‌కు పోయింది కాబట్టి.

ఇదంతా కంపెనీ మామూలు దుబాయి లైసెన్సుది అయితేనే. ఫ్రీజోన్, అంటే సొంత అథారిటీ ఉన్న ప్రత్యేక వ్యాపార ప్రాంతం, అక్కడి కంపెనీ అయితే మొదటి మెట్టు ఆ ఫ్రీజోన్ అథారిటీ. ఆఫర్ లెటర్ పైన ఎవరి ముద్ర ఉందో చూడండి.

కల్వకుర్తి కాగితాలు

పవర్ ఆఫ్ అటార్నీ గురించి నేను చెప్తా, రోజూ అవే చేతిలో ఉంటాయి. యూఏఈకి అయితే వరస ఇది: నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర. అక్కడికి పోయినంక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత అక్కడ లైసెన్సు ఉన్న అనువాదకుడి చేత అరబ్బీ. ఒక్క మెట్టు తప్పినా వెనక్కి పంపుతరు. అనువాదం ఇక్కడ చేయించి పంపినోళ్లకు మళ్లీ ఖర్చు అయింది.

ముద్రల కన్నా ఎక్కువ దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి పేరు. మన పాస్‌పోర్టులల్ల ఇంటిపేరు ఒక్కోసారి ఖాళీ, ఒక్కోసారి రెండో గడిలో, ఆధార్‌ల ముందు అక్షరమే. పవర్‌లో పాస్‌పోర్టు ప్రకారమే, అక్షరం పొల్లుపోకుండ రాయండి. వీసా వేసినప్పుడు ఉన్న పాత పాస్‌పోర్టు నంబరు, కొత్తది ఉంటే అది కూడ, లేబర్ కార్డు నంబరు, ఎమిరేట్స్ ఐడీ నంబరు పెట్టండి. అరబ్బీల పేరు ఎమిరేట్స్ ఐడీ మీద ఎట్లుంటే అట్లనే రావాలె.

రెండోది అధికారాలు. "నా తరఫున కేసు చూసుకోగలడు" అని ఒక్క లైను రాసి పంపుతరు. ఫిర్యాదు వేసుడు, కోర్టుకు పోవుడు, వకీలును పెట్టుడు, రాజీ చేసుడు, అమలు కేసు వేసుడు, డబ్బు తీసుకొనుడు, అన్నీ విడిగ రాయాలె. డబ్బు తీసుకునే మాట లేకుంటే కేసు గెలిచినంక చెక్కు కార్మికుడి పేరు మీదనే ఉంటది, ఆయన అక్కడి అకౌంటు అప్పటికే మూసుకపోయి ఉంటది.

అట్లని రాజీ అధికారం గుడ్డిగ ఇయ్యొద్దు. "7,000 దిర్హమ్‌లకు తక్కువ రాజీ చేయరాదు" అని అంకె పెట్టండి. కొంతమంది వకీళ్లు అట్ల రాస్తే అక్కడ ఒప్పుకోరు అంటరు, నేను పంపినవాటిల అడ్డం రాలేదు.

మునుగోడు వకీలు

అంకె పెట్టడం మీద నాకు అనుమానమే. రాజీ గదిలో కంపెనీవాడు ఆ పవర్ కాపీ చూస్తాడు. 7,000 అని కనబడితే 7,000 దగ్గరే కూర్చుంటాడు. విడిగా చిన్న ఒప్పందం రాసుకుని పవర్‌లో అంకె లేకుండా ఉంచడం మేలు.

కల్వకుర్తి కాగితాలు

విడి ఒప్పందం తప్పితే, పవర్ తీసుకున్న దోస్తు మీద ఇక్కడ మళ్లీ ఇంకో కేసు వెయ్యాలె గదా సార్.

దేవరకొండ బావమరిది

అక్కడ నమ్మకమున్న మనిషి ఉన్నడు, చింతపల్లి పిలగాడు, అదే క్యాంపుల. ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది. కంపెనీ ఓనరు మన హైదరాబాదాయనే. ఎల్బీనగర్ దిక్కు ఇల్లున్నదట. దుబాయి కంపెనీ మూసేస్తే ఆయన ఇంటి మీదికి పోవచ్చా?

గల్ఫ్ రిటర్న్

పోవచ్చు! దుబాయి కోర్టు ఆర్డరు ఇప్పుడు ఇండియాల చెల్లుతది. 2020ల గవర్నమెంటు జీవో తెచ్చింది. ఆర్డరు పట్టుకొని సీదా ఇంటి మీదికి.

మునుగోడు వకీలు

సగం నిజం. 2020 జనవరి 17న కేంద్రం యూఏఈని పరస్పర దేశంగా నోటిఫై చేసింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద దుబాయి కోర్టు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో, మన కోర్టు డిక్రీ లాగే, నేరుగా అమలుకు వేయొచ్చు. సౌదీ, కువైట్, ఖతర్‌లకు ఆ సౌకర్యం లేదు. ఆ తీర్పుల మీద ఇక్కడ మూడేళ్లలోపు కొత్త దావా వేయాలి.

కానీ ఇంటి మీదికి పోవాలంటే డిక్రీ ఎవరి మీద ఉందన్నదే ప్రశ్న. కంపెనీ ఎల్‌ఎల్‌సీ అయితే అప్పు కంపెనీది, ఓనరుది కాదు. ఎల్బీనగర్ ఇల్లు ఆయన సొంతది, కంపెనీది కాదు. డిక్రీలో ఆయన పేరు లేకపోతే ఆ ఇంటి గేటు కూడా ముట్టలేరు. అదే లైసెన్సు మీద వ్యక్తిగత సంస్థ అని ఉంటే, అంటే ఒక్క మనిషి పేరు మీద ఉన్న ఎస్టాబ్లిష్‌మెంట్, అప్పుడు సంస్థ అప్పు ఆయన అప్పే. ట్రేడ్ లైసెన్సు కాపీలో ఈ ఒక్క గడి చూడండి. ఫిర్యాదులో ఆ పేరు మొదటి నుంచే లైసెన్సు ప్రకారం రాయించాలి, తర్వాత కలపడం కష్టం.

ఇక్కడ అమలుకు వేసేటప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీతో పాటు, ఎంత వసూలైంది, ఎంత మిగిలింది అని ఆ కోర్టు ఇచ్చే సర్టిఫికెటు కావాలి. చాలామంది అది లేకుండా వస్తారు. అవతలివాళ్లు సెక్షన్ 13 పట్టుకుంటారు: నాకు నోటీసు రాలేదు, తీర్పు విషయం చూడకుండా ఇచ్చారు అని. కంపెనీ హాజరు కాకపోయినా సరే, కంట్రాక్టు, స్టేట్‌మెంటు దాఖలు చేయించి, వాటిని చూసి తీర్పు ఇచ్చినట్టు రికార్డులో ఉండేలా చూసుకోండి.

రెండు తీరాలు

వకీలు గారూ, ఒక సందేహం. మోహ్రే ఇచ్చే 50,000 లోపు నిర్ణయం అక్కడ అమలవుతుంది, సరే. కానీ 2020 నోటిఫికేషన్‌లో ఉన్నవి కోర్టుల పేర్లు: దుబాయి కోర్టులు, అబుదాబి న్యాయ శాఖ, రస్ అల్ ఖైమా, ఫెడరల్ కోర్టులు, రెండు ఫ్రీజోన్ కోర్టులు. మోహ్రే అందులో లేదు. అప్పుడు చిన్న క్లెయిమ్‌వాళ్లకు 44ఏ దారి మూసుకుపోయినట్టేనా?

మునుగోడు వకీలు

నా అభిప్రాయం, మోహ్రే నిర్ణయాన్ని నేరుగా తెస్తే ఇక్కడి కోర్టు "ఇది కోర్టు డిక్రీ కాదు" అంటుంది. ఎవరో ఒకరు 15 పనిదినాల్లో మొదటి స్థాయి కోర్టుకు పోయి తీర్పు తెచ్చుకుంటే అది డిక్రీ. కానీ గెలిచినవాడు గెలిచిన ఆర్డరు మీద కోర్టుకు ఎందుకు పోతాడు? గ్రాట్యుటీ తగ్గించారు లాంటి కారణం ఉంటే తప్ప. అమలు కోర్టు వేసిన ముద్రతో డిక్రీ అవుతుందని వాదించేవాళ్లు ఉంటారు. నేను దాని మీద పందెం వేయను.

రెండు తీరాలు

అందుకే బావమరిదికి నా మాట: ఇల్లు సంగతి పక్కన పెట్టండి. వసూలు అక్కడే మొదలవ్వాలి. ఆర్డరు వస్తే పని అయిపోయినట్టు కాదు, అమలు కేసు విడిగా వేయాలి. అప్పుడు కంపెనీ బ్యాంకు అకౌంట్లు పట్టుకుంటారు. అకౌంట్లో ఏమీ లేకపోతే కార్మికుల బీమా ఉందేమో అడగండి. వీసా ఇప్పించేటప్పుడు కంపెనీలు బ్యాంకు గ్యారంటీ గానీ బీమా గానీ పెట్టాలి. బీమా అయితే ఒక్కో కార్మికుడికి 20,000 దిర్హమ్‌ల దాకా పరిమితి. మీ 10,120 అందులో పడుతుంది, కాని కంపెనీ కట్టలేదని తేలిన ఆర్డరు చేతిలో ఉంటేనే.

నారాయణపేట 77

అన్నా మా ఏజెంటు 90 వేలు తీసుకున్నడు, వాని మీద వెయ్యొచ్చా గీ జీతం కేసు?

కల్వకుర్తి కాగితాలు

జీతం వేరు, ఏజెంటు వేరు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటె తీసుకోవద్దు. హైదరాబాద్‌ల ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు రసీదుతోటి ఫిర్యాదు పెట్టు. రసీదు లేకుంటే, లైసెన్సు లేని సబ్ ఏజెంటయితే, పోలీస్ స్టేషనే.

దేవరకొండ బావమరిది

స్టేట్‌మెంటు వచ్చింది. ఏప్రిల్, మే, జులై, ఆగస్టు ఖాళీనే. గని జూన్ 28న 1200 పడ్డట్టున్నది, అదే రోజు సాయంత్రం మొత్తం ఏటీఎంల తీసిండ్రు. బావ ముట్టలేదంటున్నడు. అడిగితే ఇప్పుడు చెప్తున్నడు, జీతం కార్డులన్నీ క్యాంపు ఫోర్‌మన్ దగ్గరనే ఉండేవట, పిన్ను కూడ ఆయనకే తెలుసట.

రెండు తీరాలు

ఇది ఫిర్యాదు పెట్టకముందే తెలియడం మంచిదైంది. అయిదు నెలలు అని రాసి ఉంటే కంపెనీ ఈ ఒక్క ఎంట్రీ చూపించి మిగతా నాలుగు నెలలూ అబద్ధమే అనేది. జీతం క్లెయిమ్‌లోంచి జూన్ తీసేయండి. నాలుగు నెలలకు 4,800, గ్రాట్యుటీ 2,520, లీవు 1,600, కలిపి 8,920.

మునుగోడు వకీలు

నేను తీయను. జూన్ కూడా పెట్టి, కార్డు కంపెనీ మనిషి చేతిలో ఉంది అని పక్కన రాయాలి. వదిలేస్తే ముట్టిందని ఒప్పుకున్నట్టే.

రెండు తీరాలు

రుజువేది? ఆ సాయంత్రం అదే ఏటీఎంలో అదే క్యాంపువాళ్ల కార్డులు వరసగా గీకినట్టు ఇంకో ముగ్గురి స్టేట్‌మెంట్లు చూపిస్తే సరే. చింతపల్లి అబ్బాయి జూన్ 28 ఎంట్రీ ఒకసారి చూడమనండి, టైము ఎంతుందో.

దేవరకొండ బావమరిది

అడిగిన. ఆయన కార్డు కూడ ఫోర్‌మన్ దగ్గరనే ఉన్నదట. రేపు జుమ్మా, యాప్‌ల చూసి ఫొటో పెడ్తనన్నడు.